‘వరకు’ ఎవరికి? ‘నుంచి’ ఎవరికి?

అంబాజీపేట కొబ్బరి ధరలు చదివేవారికి ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. ‘పచ్చికాయ వెయ్యి రు. ఇన్ని వేల వరకు పలికింది’ అన్నదే ఆ వాక్యం. పాలకొల్లు ధర వ్రాసినా, రావులపాలెం అరటి గెల ధర వ్రాసినా అదే పడికట్టు. కొట్ల ముందు వేలాడే బోర్డులలోనూ, ఇంటింటికీ వచ్చే కరపత్రాలలోనూ ఇందుకు తిరగేసిన మాట కనిపిస్తుంది: ‘బియ్యం బస్తా రు. ఇంత నుంచి’. అమ్మేవాడిని పిలవవలసి వచ్చినప్పుడు ‘వరకు’, కొనేవాడిని పిలవవలసి వచ్చినప్పుడు ‘నుంచి’. రెండు మాటలూ అబద్ధం కావు. ఎవరో ఒకరు ఆ ధరకు అమ్మే ఉంటారు, ఎవరో ఒకరు ఆ ధరకు కొనే ఉంటారు. కాని ఆ ఒకరిద్దరు తప్ప మిగిలినవారు ఏ ధరకు ఇచ్చి పుచ్చుకొన్నారన్న సంగతి మాత్రం ఆ వాక్యంలో ఉండదు. మార్కెట్ పేజీ చదివేవాడికి కావలసింది ఆ సంగతే.

ధర వ్రాసేటప్పుడు ఈ రెండు మాటలను తీసివేసి, ఎక్కువ సరుకు ఏ ధరకు చేతులు మారిందో అది మొదట వ్రాయాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇది పత్రికలకు మాత్రమే చెప్పే మాట కాదు. రోజూ పొద్దున్నే ఊళ్ళకు ఫోను మీద, వాట్సాప్ మీద ధర పంపే కమీషన్ వర్తకులకూ, దళారులకూ, చిల్లర కొట్టువారికీ కూడా చెప్పవలసిన మాటే.

కొబ్బరి సంగతే తీసికొందాము. అంబాజీపేట ధరల పట్టిక ఎలా ఉంటుందో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కరలేదు. కొత్తకొబ్బరి క్వింటాలుకు, అందులో మొదటి రకం, రెండవ రకం. కురిడీ వెయ్యికి, అందులో పాతవి, కొత్తవి, మళ్ళీ ఒక్కొక్క దానిలో గండేరా, గటగట. నీటికాయ వెయ్యికి, అందులో పాత (ముక్కుడు) కాయ, కొత్త (పచ్చి) కాయ. ఇంత వివరంగా రకాలు విడదీసిన పట్టిక మన జిల్లాలలో వేరే సరుకుకు లేదనే చెప్పాలి. రకాలు ఇంత జాగ్రత్తగా విడదీసిన తరువాత, ప్రతి రకానికీ ఎదురుగా ఒకే ఒక అంకె వేయటం, అది కూడా చాలాసార్లు ఆ రోజు పలికిన అన్నింటికన్న పై ధర కావటం విచిత్రం.

ఒక రోజు అమ్మకం

ఒక రోజు పచ్చికాయ బేరాలు ఎలా సాగుతాయో లెక్కగా చూద్దాము. ఈ అంకెలు ఏ తేదీవీ కావు, ఉదాహరణకు వేసుకొన్నవి. కాని బేరాల తీరు మార్కెట్లో తిరిగేవారు ఎరిగినదే.

ఆ రోజు మొత్తం 80 వేల కాయ అమ్మకమైనదనుకోండి. అందులో ఏరి కూర్చిన పెద్దకాయ 4 వేలు వెయ్యి రు. 13,000కు పోయింది. మంచి తోటల కాయ 10 వేలు రు. 12,400కు, మామూలు కాయ 38 వేలు రు. 12,000కు, అదే రకం మరో 16 వేలు రు. 11,800కు తెగినవి. కొంచెం చిన్నకాయ 8 వేలు రు. 11,000కు, ఆఖరున మిగిలిన తేలికకాయ 4 వేలు రు. 10,200కు పోయినవి.

సాయంత్రం ధర అడిగితే వచ్చే జవాబు ‘పదమూడు వేల వరకు ఉందండీ’. అది నిజమే. కాని ఆ ధర దొరికినది 80 వేలలో 4 వేల కాయకు, అంటే వందకు ఐదు కాయలకు. మిగిలిన తొంభై ఐదు కాయల యజమానులకు ఆ అంకెతో సంబంధమే లేదు. ‘రు. 10,200 నుంచి రు. 13,000 వరకు’ అని రెండు కొసలూ వ్రాస్తే మరికొంత మేలు అనుకొంటారు. మేలే గాని చాలదు. రు. 2,800 తేడా గల ఆ రెండు అంకెల మధ్య తన కాయ ఎక్కడ పడుతుందో రైతు ఊహించుకోవలసిందే. ఎవరైనా ఊహించుకొనేది తన కాయ మంచిదనే గదా! ఎగుమతిదారు ఊహ కింది కొస దగ్గర మొదలవుతుంది, రైతు ఊహ పై కొస దగ్గర. ఇద్దరూ పత్రిక చూపించే పోట్లాడుకొంటారు.

సగటు కట్టి వేస్తే సరిపోదా అని చదువుకొన్నవారు అడుగుతారు. కట్టి చూడండి. పై 80 వేల కాయకు వచ్చిన మొత్తం రు. 9,49,600. వెయ్యికి సగటు రు. 11,870. ఆ ధరకు ఆ రోజు ఒక్క బేరమైనా జరగలేదు. మొత్తం రాబడి ఎంత, మార్కెట్ సెస్సు ఎంత వస్తుంది అన్న లెక్కలకు సగటు పనికివస్తుంది గాని, రేపు కాయ తోలుకొని రావాలా వద్దా అని ఆలోచించేవాడికి పనికిరాదు. పైగా పై కొసన ఒక వింత బేరం పడితే సగటు కూడా దానితోపాటు పైకి జరుగుతుంది.

ఎక్కువ సరుకు ఎక్కడ నిలిచిందో చూడాలి. 38 వేల కాయ రు. 12,000 వద్ద, 16 వేల కాయ రు. 11,800 వద్ద, రెండూ కలిసి 54 వేలు. అంటే మొత్తంలో మూడింట రెండు వంతులకు పైన. ఆ రోజు మార్కెట్ అంటే అదే. కాబట్టి వ్రాయవలసిన తీరు ఇది: ‘పచ్చికాయ వెయ్యి: ఎక్కువ అమ్మకం రు. 11,800–12,000. ఏరిన పెద్దకాయ 4 వేలు మాత్రం రు. 13,000. మొత్తం అమ్మకం 80 వేలు.’ అచ్చులో ఇది రెండు పంక్తులు కూడా రాదు. పై ధరను దాచలేదు, దానికి పక్కన ఎంత సరుకో చేర్చాము, అంతే. పెద్దకాయ ఏరి కూర్చితే వెయ్యికి రు. 1,000 వరకూ అదనంగా వస్తుందన్న కబురు కూడా ఆ పంక్తిలోనే ఉన్నది. ‘వరకు’ అని ఊరకే వ్రాసినప్పుడు ఆ కబురు లేదు, ఆశ మాత్రమే ఉన్నది.

(చూశారా, పై వాక్యంలో నేనే ‘వరకూ’ అన్నాను. అలవాటు అంత బలమైనది. ‘సుమారు రు. 1,000’ అనవలసింది.)

ఇక్కడ ఒక పొరపాటుకు చోటున్నది. ‘ఎక్కువ’ అన్నప్పుడు బేరాలు లెక్కించాలా, కాయ లెక్కించాలా? కాయనే. పై లెక్కలో రు. 12,000కు పోయిన 38 వేల కాయ మూడే పెద్ద బేరాలు కావచ్చును. రు. 11,000కు పోయిన 8 వేలు చిన్న రైతులు తెచ్చిన ఎనిమిదేసి వందల కాయ, పది బేరాలు కావచ్చును. బేరాలు లెక్కిస్తే ‘ఎక్కువమందికి రు. 11,000’ అని తేలుతుంది. అది కూడా ఒక నిజమే, చిన్న రైతు వినవలసిన నిజం. కాని మార్కెట్ ధర అని వేసేది మాత్రం సరుకు పరిమాణాన్ని బట్టి ఉండాలి. లేకపోతే లారీకి కాయ కొనే ఎగుమతిదారుకు అది తప్పుదారి చూపుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. కేంద్ర ప్రభుత్వ మార్కెటింగ్ తనిఖీ శాఖ 2000వ సంవత్సరంలో మొదలుపెట్టిన ఆగ్‌మార్క్‌నెట్ పట్టికలో ప్రతి సరుకుకూ మూడు ధరలు ఉంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మూడవది మోడల్ ధర. ఆ మూడవదే మనం చెప్పుకొంటున్నది, అంటే ఎక్కువ సరుకు పలికిన ధర. యార్డుల గుమాస్తాలు ఇన్నేళ్ళుగా నింపుతూ ఉన్న గడి అది. చిత్రమేమంటే, ఆ మూడు అంకెలలో నోటి మాటగా బయటకు వచ్చేది గరిష్ఠమొక్కటే. కనీస మద్దతు ధర సంగతి చూసినా అంతే. మిల్లు కొబ్బరికి 2025 సీజనుకు క్వింటాలు రు. 11,582 అని ప్రకటించినప్పుడు అది మామూలు మంచి సగటు నాణ్యతకు వేసిన ధర. ఏరిన సరుకుకు వేసి, కింద ‘వరకు’ అని తగిలించలేదు.

కాయ తిరిగి పోదు

‘వరకు’ వల్ల ఎవరికి ఏమి పోయింది అని అడిగేవారున్నారు. ఒక చిన్న సంగతి చెబుతాను. లంక గ్రామం రైతు ఒకరు దింపు కూలీ, బండి కిరాయి పెట్టుకొని 4 వేల కాయ తెచ్చారు. ముందురోజు రాత్రి కొట్టు నుంచి ఫోను: ‘పదమూడు వేల వరకు నడుస్తోంది, తోలెయ్యండి బాబాయిగారూ’. కాయ దిగిన తరువాత గుట్టను కాలితో కదిపి చూసి, పదకొండు వేల ఎనిమిది వందలన్నారు. రాశిలో అబద్ధం లేదు, ఆ కాయకు ఆ రోజు ఆ ధర న్యాయమే. పక్క కొట్టులో అడిగినా అదే మాట వచ్చింది. కాని రైతు మనసులో రాత్రే రు. 52,000 జమ పడిపోయింది. చేతికి వచ్చినది రు. 47,200. తేడా రు. 4,800. కాయ మళ్ళీ ఎక్కించుకొని పోతే కిరాయి దండగ. ఇచ్చి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ‘మీరు చెప్పిందొకటి, ఇచ్చిందొకటి’ అన్నారు. తరువాత దింపులో ఆయన కాయ ఆ కొట్టుకు రాలేదు.

ఆ వర్తకుడు దానికి నొచ్చుకొన్నాడు. ‘నేను వరకు అన్నాను గదండీ, ఇస్తానన్నానా?’ అని నాతో వాదించాడు. వ్యాకరణం ఆయన పక్షాన ఉన్నది, వ్యాపారం ఆయన పక్షాన లేదు. ‘ఎక్కువ కాయ పన్నెండు వేలకు అటూ ఇటూ పోతోంది, మీది బాగా పెద్దకాయ అయితే ఏరి పంపండి, పదమూడు పలుకుతుంది’ అని రాత్రే చెప్పి ఉంటే, రైతు తేవచ్చు, తేకపోవచ్చు. తెస్తే మాత్రం పోట్లాట ఉండేది కాదు.

మరో నష్టం కంటికి కనిపించనిది. పత్రికలో పై ధర చూసి, తన ఊరికి వచ్చిన బేరగాడు అడిగిన ధర తక్కువనుకొని కాయ నిలవ పెట్టే రైతులున్నారు. పచ్చికాయ నిలవలో ముక్కుడవుతుంది. ముక్కుడు కాయకు వేరే ధర, కొనేవారు వేరు. పండుగల గిరాకీ దాటిపోయిందంటే ఆ నిలవ ఎవరి నెత్తిన పడుతుందో అందరికీ తెలుసు. అటు ఉత్తరాది మార్కెట్లలో మన కాయ తెప్పించుకొనే వర్తకుడు కూడా అదే అంకె చూసి, ‘కోనసీమలో మరీ పిరెంగా ఉంది, తమిళనాడు కాయ చూద్దాం’ అని ఆర్డరు ఆపివేయగలడు. నిజానికి తాను పడవలసిన ధర దానికన్న వెయ్యి రూపాయలు తక్కువ అని అతడికి ఎవరు చెబుతారు? రైతుకు ఆశ పెట్టేందుకు వేసిన అంకె, కొనుబడిదారును బెదరగొట్టే అంకె కూడా అయికూర్చున్నది.

ధరతో పాటు రావలసిన మాటలు

రు. 12,000 అని సరిగ్గా వ్రాసినంత మాత్రాన కొనేవాడు ఇచ్చే ధర తేలిపోయిందనుకోవద్దు. కొబ్బరిలో లెక్క ఒక శాస్త్రం. వెయ్యి అంటే వెయ్యేనా, కొసరు ఎంత? చిన్నకాయను వేరుగా తీసి తక్కువ లెక్క కట్టారా? వలుపు కూలి ఎవరి మీద పడింది? బేరం తోట దగ్గరా, కొట్టు దగ్గరా, లారీ ఎక్కించిన తరువాతా? రొక్కమా, పదిహేను రోజుల వాయిదానా?

ఒక్క కొసరునే తీసికొని చూడండి. ధర రు. 12,000. వెయ్యికి 40 కాయ కొసరు పడిందనుకొందాము. కొన్నవాడికి చేరినది 1,040 కాయ. అంటే అతడికి వెయ్యి రు. 11,538 పడింది. అయితే వలుపు, గోతాం, ఎగుమతి హమాలీ కలిపి అతడే రు. 600 పెట్టుకొన్నాడనుకొంటే, మొత్తం రు. 12,600 అయి, వెయ్యికి రు. 12,115 పడుతుంది. ఒకే బేరానికి మూడు ధరలు: 12,000, 11,538, 12,115. పక్క కొట్టువాడు కొసరు లేకుండా రు. 11,800కు కొని ఉంటే, పట్టికలో వాడిది చౌక బేరంలా కనిపిస్తుంది. నిజానికి ఖర్చులు కలపక ముందు మొదటివాడిదే చౌక. ఇందువల్ల పత్రికలో రోజూ ఇంత లెక్క వేయమని కాదు. ‘కొట్టు దగ్గర, కొసరు కాక, రొక్కం’ అని పట్టిక కింద ఒకసారి ఒక పంక్తి వేసి, ఎప్పుడూ ఆ ఒక్క తీరునే అన్ని ధరలూ వ్రాస్తే చాలు. ఒక రోజు రొక్కం ధర, మరొక రోజు వాయిదా ధర వేసి, ‘రు. 200 పెరిగింది’ అని వ్రాయటం మాత్రం తగదు.

‘నుంచి’ కథ క్లుప్తంగా చెప్పవచ్చును, ఎందుకంటే తిరగేస్తే అదే ఇది. గోదావరి జిల్లాలలో బియ్యం కరపత్రం ఏది చూసినా పెద్ద అక్షరాలలో ఒక చిన్న అంకె ఉంటుంది. ‘బస్తా రు. 1,150 నుంచి’ అని ఉన్నదనుకోండి. లోపలికి వెళ్ళి అడిగితే అది కొత్త బియ్యం, 25 కిలోల బస్తా. కిలో రు. 46 పడింది. ఇంట్లో అన్నానికని వచ్చినవారిలో ఎక్కువమంది తీసికొనేది పాత సాంబమసూరి. అది 26 కిలోల బస్తా, రు. 1,430. కిలో రు. 55. బస్తాకు బస్తా పోల్చితే తేడా 280, కాని బస్తాలే ఒకటి కావు. ఈ 26 కిలోల బస్తా ఎక్కడి నుంచి వచ్చిందో మిల్లర్లు ఎరుగుదురు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ముద్ర వేసిన ప్యాకెట్ల మీద, 25 కిలోలతో సహా, 5 శాతం జిఎస్‌టి పడిన తరువాత కిలో పెంచి పన్ను దాటించుకొన్న బస్తా అది. కాబట్టి ‘బస్తా’ అన్న మాట కూడా ఇప్పుడు కొలత కాకుండా పోయింది. కరపత్రం మీద వేయవలసినది: ‘మా వద్ద ఎక్కువమంది కొనేది పాత సాంబమసూరి, 26 కిలోలు రు. 1,430, కిలో రు. 55. కొత్త బియ్యం కిలో రు. 46.’ ఇంతకీ ఎక్కువమంది ఏది కొంటున్నారో తెలుసుకోవటానికి కొట్టువాడు వేరే ఎక్కడికీ పోనక్కరలేదు. గత నెల బిల్లుల పుస్తకం తిరగేసి ఏ బస్తా ఎన్ని పోయాయో గీతలు పెట్టుకొంటే అరగంట పని.

చౌక ధర చూపి పిలిచి, ఆ ధరకు సరుకు ఇవ్వటానికి తగినంత నిలవ లేకపోవటాన్ని 2022 జూన్ 9న వినియోగదారుల రక్షణ సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు ఎర ప్రకటన క్రింద లెక్కవేశాయి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి జరిమానా రు. 10 లక్షల వరకు. ఇక్కడి ‘వరకు’ను మాత్రం తప్పు పట్టలేము. శిక్షకు పై హద్దు పెట్టటం చట్టం పని. బేరానికి పై హద్దు చెప్పటం ధర చెప్పటం కాదు.

పరాయి దేశంలో ఇదే తగాదా ఇంటర్‌నెట్ కంపెనీల మీద నడిచింది. బ్రిటన్‌లో ఆ కంపెనీలు ‘ఇంత వేగం వరకు’ అని ప్రకటించుకొనేవి. ఖాతాదారులలో నూటికి పదిమందికి ఆ వేగం అందితే చాలునని పాత నిబంధన. 2018 మే 23 నుంచి దానిని మార్చారు. రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య, అంటే అందరూ వాడే రద్దీ వేళ, కనీసం సగంమందికి అందే వేగాన్నే అంకెగా వేయాలి, దానిని ‘సగటు’ అని చెప్పాలి. గమనించవలసినది ఆ రద్దీ వేళ షరతు. మనకైతే తెల్లవారుజామున తెగిన మొదటి బేరం ధర కాక, రాబడి దండిగా దిగిన వేళ తెగిన ధర అన్నమాట.

ఇక అడ్డు చెప్పేవారి మాట. ‘నేను పన్నెండు అని వ్రాస్తే పక్కవాడు పదమూడు వరకు అంటాడు, కాయ అక్కడికి పోతుంది’ అన్నది అన్నిటికన్న గట్టి అభ్యంతరం. దీనిని కొట్టివేయలేను. ఒక్కడే మారితే మొదటి కొద్ది వారాలు సరుకు తగ్గుతుంది. అందుకనే ఇది పత్రికలతో, వర్తక సంఘంతో మొదలు కావాలి. పట్టిక నమూనాయే మారితే ఎవడికీ పక్కవాడి భయం ఉండదు. పట్టికలో ‘ఎక్కువ అమ్మకం’, ‘మొత్తం కాయ’ అని రెండు గడులు ఉంటే, విలేఖరి ఫోను చేసినప్పుడు వర్తకుడు రెండూ చెప్పక తప్పదు. పై ధర చెప్పినవాడిని ‘అది ఎన్ని వేల కాయ?’ అని అడగటం అలవాటవుతుంది. జవాబు వెంటనే రాకపోతే ఆ ధర విన్నదే గాని చూసినది కాదని గ్రహించవచ్చు. వారం రోజులు రాబడి హెచ్చుతగ్గులైనా పై ధర ఒక్క రూపాయి కదలకుండా ఉన్నప్పుడు కూడా అదే అనుమానం పడాలి. ఆ అంకె బేరం నుంచి రాలేదు, నిన్నటి పత్రిక నుంచి వచ్చింది.

‘నా బేరం ధర బయట పెట్టమంటారా?’ అని అడిగే ఎగుమతిదారులూ ఉన్నారు. ఎవరి బేరం వారిదే, పేరు అక్కరలేదు. ముగ్గురు నలుగురు కమీషన్ వర్తకుల పట్టీలు, లారీ ఆఫీసులో ఎక్కిన సరుకు, రెండూ కలిపి చూస్తే ఎక్కువ కాయ ఏ ధరన తెగిందో రు. 100 అటూ ఇటూగా తెలిసిపోతుంది. పైసాతో సహా కచ్చితం కానక్కరలేదు. ‘11,800–12,000’ అని కొద్దిపాటి ఎడం వదలటంలో తప్పు లేదు. ఆ ఎడం రు. 2,800 కారాదు గాని.

ఈ పద్ధతి పనికిరాని రోజులూ ఉన్నాయి. పచ్చికాయ, ముక్కుడు కాయ కలిపి చూస్తే సరుకు రెండు చోట్ల గుట్ట పడుతుంది, నడుమ ఏమీ ఉండదు. అప్పుడు ‘ఎక్కువ అమ్మకం’ అని ఒక అంకె వేస్తే అది ఎవరిదీ కాదు. ముందు రకాలు విడదీయాలి, ఆ పని మన పట్టిక ఇప్పటికే చేస్తున్నది. పండుగ ముందు ఉదయం ఒక ధర, మధ్యాహ్నం మరొక ధర నడిచిన రోజున రెండూ వేళతో సహా వేయాలి. అంతకన్న చిక్కు, బేరాలే లేని రోజు. కురిడీలో ఇది తరచు వస్తుంది. గండేరా ఒకటి రెండు చిన్న బేరాలు జరిగి, గటగట అడిగేవాడే లేకపోయినా పట్టికలో నాలుగు గడులకూ నాలుగు అంకెలు నింపటం రివాజు. ‘ఎక్కువ’ అనటానికి అక్కడ సరుకే లేనప్పుడు ఎక్కువ అమ్మకం ధర అని వేస్తే అదీ ‘వరకు’కు తమ్ముడే అవుతుంది.

వెనుకటి మార్కెట్ పేజీలలో దీనికి చక్కని మాట ఉండేది: ‘బేరాలు లేవు, ధర నామమాత్రం’. ఎందుచేతనో ఆ మాట వాడుకలో సన్నగిల్లింది. ఖాళీ గడి చూస్తే పాఠకుడు ఏమనుకొంటాడోనని భయం కాబోలు. కురిడీ వర్తకులు మాత్రం ఏమీ అనుకోరు. గటగటకు బేరం లేని రోజున లేదని వేస్తే, అటక మీద నిలవ ఉంచుకొన్నవాడు దించాలా, మరి నాలుగు రోజులు ఆగాలా అన్నది ఆ ఒక్క మాటతోనే తేల్చుకొంటాడు.